త్రిత్వం ఒక్క సభలో తేలలేదు

క్రీ.శ. 325లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ బిషప్పుల్ని పిలిపించి, ఓటింగు పెట్టించి త్రిత్వ సిద్ధాంతాన్ని ఖాయం చేశాడని చాలామంది అనుకుంటారు. అసలు ఆ సభలో పరిశుద్ధాత్మ గురించి చర్చే లేదనాలి. అక్కడి తగాదా తండ్రి, కుమారుల గురించి.

అది అలెగ్జాండ్రియాలో రాజుకుంది. దేవుడు ఒక్కడే అని నమ్మే క్రైస్తవులు యేసునూ ఆరాధించేవారు. రెండూ ఎలా పొసగుతాయి? అరియస్ అనే చర్చి పెద్ద సూటిగా చెప్పాడు: తండ్రి ఒక్కడే అనాది, కుమారుణ్ణి ఆయనే అన్నిటికంటే ముందు సృష్టించాడు. తర్కానికి బాగానే నిలుస్తుంది. కానీ కుమారుడూ ఒక సృష్టే అయితే, అతణ్ణి పూజించడం విగ్రహారాధన కాదా? బిషప్ అలెగ్జాండర్ పక్షంవాళ్ల అభ్యంతరం అది.

ఇప్పటి టర్కీలోని నైసియాలో సభ జరిగింది. బైబిలు మాటల్లోనే ప్రకటన రాద్దామంటే, ప్రతి మాటకూ అరియస్ వర్గం తమకు అనువైన అర్థం చెప్పుకోగలదు. అందుకని బైబిల్లో లేని ‘హోమోఊసియోస్’ అనే గ్రీకు మాట తెచ్చారు. తండ్రిది ఏ సారమో కుమారుడిదీ అదే సారం అని దాని భావం. సంతకం పెట్టని ఇద్దరు బిషప్పుల్ని, అరియస్‌నీ ప్రవాసం పంపారు. ఆత్మను నమ్ముతున్నామన్న ఒక్క మాటతో ప్రకటన దాదాపు ముగిసింది.

తగాదా మాత్రం ముగియలేదు. తండ్రీ కుమారులు ఒకే వ్యక్తి ధరించిన రెండు వేషాలన్న అర్థం ఆ మాటలో ధ్వనిస్తోందని, అరియస్‌తో ఏకీభవించని బిషప్పులు కూడా జంకారు. చక్రవర్తులు మారినకొద్దీ గాలి మారింది. నైసియా పక్షాన నిలిచిన అతనేసియస్ ఐదుసార్లు ప్రవాసం వెళ్లాడు.

చిక్కుముడి 362లో కొంత వదులైంది. ‘హైపోస్టాసిస్’ అనే మాటను కొందరు సారానికి వాడి, దేవుడిలో అది ఒక్కటే అనేవారు. ఇంకొందరు వ్యక్తికి వాడి, మూడు అనేవారు. మొదటివాళ్లకు అది ముగ్గురు దేవుళ్లన్నట్టు వినిపించేది. అలెగ్జాండ్రియాలో అతనేసియస్ జరిపిన సభ రెండు వర్గాలనూ మీ ఉద్దేశమేమిటని అడిగితే, ఇద్దరూ చెబుతున్నది ఒకటేనని తేలింది. నా దృష్టిలో నైసియా కంటే ఈ చిన్న సభే ఆసక్తికరం.

ఆ దారినే కప్పదోకియాకు చెందిన బాసిల్, అతని తమ్ముడు నిస్సా గ్రెగరీ, స్నేహితుడు నజియాన్జస్ గ్రెగరీ ముందుకు తీసుకెళ్లారు. సారం ఒకటి, వ్యక్తులు ముగ్గురు. మరి తేడా దేనిలో? హోదాలో కాదు, శక్తిలోనూ కాదు, సంబంధంలో. తండ్రి ఎవరి నుంచీ రాలేదు, కుమారుడు తండ్రి నుంచి జనించాడు, ఆత్మ తండ్రి నుంచి బయలుదేరుతుంది.

381లో థియోడోసియస్ చక్రవర్తి పిలిచిన కాన్‌స్టాంటినోపుల్ సభకు సుమారు 150 మంది బిషప్పులు, అందరూ తూర్పు ప్రాంతాలవాళ్లే, వచ్చారు. తండ్రీ కుమారులతోపాటు ఆత్మకూ ఆరాధన చెందుతుందని ఆ సభ విశ్వాస ప్రమాణం చెబుతుంది. అయినా ఆత్మను ‘దేవుడు’ అని నేరుగా అనదు, హోమోఊసియోస్ మాటనూ ఆత్మకు వాడదు. ఆ జాగ్రత్త నజియాన్జస్ గ్రెగరీకి నచ్చలేదు. సభకు అధ్యక్షత వహిస్తూనే, తన పదవి మీద రేగిన వివాదంతో విసిగి, మధ్యలోనే రాజీనామా చేసి వెళ్లిపోయాడు. ఇవాళ చర్చిల్లో నైసియా విశ్వాస ప్రమాణం పేరుతో చదివేది ఎక్కువగా ఈ 381 నాటి పాఠాన్నే.