మీకు తెలుసా? ఇంటిల్లిపాదికీ ఎన్ని వాట్ల చార్జర్ కావాలి?

చార్జర్ మీద సన్న అక్షరాల్లో ‘ఔట్‌పుట్’ అనే వరుస ఉంటుంది. అందులోని వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు తెలుస్తాయి.

జగదేవ్‌పూర్‌లో అన్నీ టైప్-సి పరికరాలే ఉన్న ఒక ఇంటిని తీసుకుందాం. లాప్‌టాప్ చార్జర్ మీద 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంటే అది 65 వాట్లు. ఫోన్‌ చార్జర్‌ది 9 వోల్టులు, 2.77 ఆంపియర్లు, అంటే దాదాపు 25. ఇయర్‌బడ్స్‌కు 5 వాట్లు చాలు.

పగలు లాప్‌టాప్, రాత్రి ఫోన్ పెట్టుకునే ఇంటికి పవర్ డెలివరీ ఉన్న 65 వాట్ల చార్జర్ ఒక్కటే సరిపోతుంది. పరికరం తనకు కావలసినంతే అడిగి తీసుకుంటుంది కాబట్టి పెద్ద చార్జర్ వల్ల ఫోన్ పాడవదు.

రెండూ ఒకేసారి పెడితేనే చిక్కు. రెండు పోర్టుల 65 వాట్ల చార్జర్ చాలాసార్లు 45, 20గా పంచుతుంది; అప్పుడు లాప్‌టాప్ తెరపై ‘స్లో చార్జర్’ హెచ్చరిక రావచ్చు. అలాంటి ఇంటికి 65 వాట్లది ఒకటి, 25 వాట్లది ఒకటి విడిగా ఉండడమే మేలు.

కేబుల్ కూడా చూడాలి. మామూలు సి-టు-సి కేబుల్ 3 ఆంపియర్లే మోస్తుంది, అంటే 60 వాట్లే. 65 పూర్తిగా అందాలంటే 5 ఆంపియర్ల కేబుల్ కావాలి.