రాత్రి ఆకలికి మూలం సాయంత్రమే

ఏడాదిన్నర పిల్లాడు రాత్రి ఒంటిగంటకు లేచి ఏడుస్తాడు. 180 మి.లీ. పాలు పడితే గడగడా తాగి పడుకుంటాడు. నాలుగింటికి మళ్లీ అదే వరుస. పొద్దున ఇడ్లీ పెడితే మొహం తిప్పేస్తాడు. ‘పగలు ఏమీ తినడు, రాత్రి పాలైనా తాగనీ’ అని తల్లి సరిపెట్టుకుంటుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. రాత్రి రెండుసార్లు తాగిన పాలు సుమారు 360 మి.లీ. ఈ వయసు పిల్లలకు రోజు మొత్తానికి 400 నుంచి 500 మి.లీ. చాలు. అందులో ఎక్కువ భాగం తెల్లారేలోపే కడుపులో పడితే పొద్దున ఆకలెలా వేస్తుంది? పగటి తిండి తగ్గినకొద్దీ రాత్రి ఆకలి పెరుగుతుంది.

ఇలాంటి ఇంట్లో సాయంత్రం ఎలా గడుస్తుందో చూద్దాం. ఆరింటికి రెండు బిస్కెట్లు, కాసిని పాలు. నాన్న వచ్చాక అందరితో కలిసి తొమ్మిదింటికి భోజనం. అప్పటికే పిల్లాడు కళ్లు నలుపుకుంటుంటాడు. నాలుగు ముద్దల చారన్నం తిని ఇక వద్దంటాడు. పల్చటి చారన్నంతో పొట్ట నిండినట్టే ఉంటుంది కానీ, అందులో పప్పూ నెయ్యీ లేకపోతే ఎక్కువసేపు నిలవదు. తర్వాత సీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతాడు.

ఇక్కడ మొదట మార్చాల్సింది వేళలు. సాయంత్రం చిరుతిండి నాలుగున్నర, ఐదింటికే అయిపోవాలి. ఆ తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ పెట్టకపోతే ఏడుంబావుకు మంచి ఆకలి వేస్తుంది. పెద్దల భోజనం దాకా ఆపకుండా అప్పుడే అన్నం పెట్టాలి. ముద్దపప్పు, నెయ్యి కలిపిన మెత్తటి అన్నం, దాంట్లో మెదిపిన కూర. లేదంటే గుడ్డుతో అన్నం, కూరగాయలు వేసిన కిచిడీ. ఎంత తినాలన్నది పిల్లాడి ఇష్టం, బలవంతం పనికిరాదు. నాన్న వచ్చాక ఆయన కంచం దగ్గర కూర్చుని ఇంకో రెండు ముద్దలు తిన్నా మంచిదే.

ఎనిమిదింబావుకు చిన్న ఫలహారం ఇవ్వొచ్చు: గ్లాసుతో 120 మి.లీ. పాలు, లేదా నాలుగు చెంచాల పెరుగన్నం, లేదా సగం అరటిపండు. అన్నం బాగా తిన్నా, తినకపోయినా రోజూ అంతే పెట్టాలి. అన్నం మానితే పెద్ద సీసా పాలు వస్తాయని తెలిస్తే పిల్లలు దానికోసమే ఆగుతారు. తర్వాత పళ్లు తోమి, కథ చెప్పి, తొమ్మిదింటికల్లా పడుకోబెట్టాలి. సీసాతో నిద్రపోతే పాలు పళ్లకు అంటుకుని ఉండి ముందు పళ్లు పుచ్చిపోతాయి.

పాలలో నిద్ర పట్టించే పదార్థం ఉందంటారు. ఉన్నా, ఒక గ్లాసులో ఉండేది కొద్దిగానే. పిల్లాడికి నిద్ర పట్టేది పొట్ట నిండటం వల్ల, రోజూ అదే వరుస జరగడం వల్ల. నిద్ర చెడగొట్టేవి మాత్రం ఉన్నాయి. టీలోనూ చాక్లెట్‌లోనూ ఉండే కెఫీన్ చిన్న ఒంట్లో గంటలకొద్దీ నిలుస్తుంది. ‘ఒక్క గుక్కే కదా’ అని టీలో ముంచిన బిస్కెట్ పెట్టడం మానాలి. టీ వల్ల తిండిలోని ఇనుము కూడా ఒంటికి సరిగా పట్టదు. పడుకోబోయే ముందు బజ్జీలు, కారపు కూరలు తింటే కడుపులో మంట పుట్టి నిద్ర చెదురుతుంది.

సాయంత్రం కుదురుకున్నాక రాత్రి పాలు తగ్గించాలి. 180 మి.లీ. తాగేవాడికి రెండు రాత్రులకోసారి 30 మి.లీ. చొప్పున తగ్గించి, 60కి వచ్చాక ఆపేయొచ్చు. తల్లిపాలు తాగే పిల్లలకైతే పట్టే సమయాన్ని కొంచెం కొంచెం తగ్గించాలి, పగలు మామూలుగానే ఇవ్వొచ్చు. రాత్రి రెండు గుక్కలు తాగి వెంటనే నిద్రపోతే అది ఆకలి కాదు, సీసాతోనే పడుకునే అలవాటు. జోకొట్టి పడుకోబెడితే క్రమంగా పోతుంది. దారి సరైనదేనని చెప్పే మొదటి గుర్తు రాత్రి కన్నా ముందు పొద్దున కనిపిస్తుంది: ఇడ్లీ తనే అందుకుంటాడు.

ఇదంతా ఏడాది దాటి, బరువు సరిగా పెరుగుతున్న పిల్లలకే. జ్వరంగా ఉన్నప్పుడు, పళ్లు వస్తున్నప్పుడు మొదలుపెట్టొద్దు. బరువు పెరగకపోయినా, గురక పెడుతున్నా, ఒళ్లు పాలిపోయినా ముందు పిల్లల డాక్టరుకు చూపించాలి. పాల మీదే బతికే పిల్లల్లో ఇనుము లోపం తరచుగా కనిపిస్తుంది. అది కూడా నిద్రలో అటూఇటూ దొర్లేలా చేస్తుంది. అలాంటప్పుడు భోజనం వేళ మార్చడం ఒక్కటే సరిపోదు, రక్తపరీక్షా కావాలి.