అద్దె ఇంటి తాళంతో పాటు ఒక కాగితం

హైదరాబాద్‌లో అద్దెకు దిగేవారికి ఓనరు తాళంచెవి ఇస్తాడు, అడ్వాన్సు తీసుకుంటాడు. ఇవ్వాల్సిన ఇంకొకటి ఒక కాగితం. అందులో మొదటి వరుస కరెంటు మీటరుది: సర్వీస్ నంబరు, దిగిన రోజు రీడింగు.

ఎందుకంటే బిల్లు మనిషి పేరు చూడదు, మీటరును చూస్తుంది. మీరు నెల మధ్యలో దిగారనుకోండి. ఆ రోజు రీడింగు 8,460. బిల్లు తీసే నాటికి 8,540. మీరు వాడింది 80 యూనిట్లే. కానీ పాత రీడింగు 8,310 కాబట్టి బిల్లు 230 యూనిట్లకు వస్తుంది. తెలంగాణలో 200 దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారుతుంది. ముందున్నవారి 150 యూనిట్ల వాటా తేలాలంటే ఆ రోజు తీసిన మీటరు ఫొటో ఒక్కటే ఆధారం. పాత బకాయి లేదని కూడా అప్పుడే అడిగి చూసుకోవాలి.

చెత్త సంగతి చిన్నదే: ఆటో ఏ వేళకు వస్తుందో రాస్తే చాలు. తడి, పొడి మాత్రం వేరుగా ఇవ్వాలి.

రిపేరుకు ఫోన్లో చెప్పిన మాట గాలికి పోతుంది. "వంటగది సింకు కింద పైపు కారుతోంది, నిన్నటి నుంచి" అని ఫొటోతో వాట్సాప్ పెట్టండి. అయితే నీళ్లు ఆపే గేట్ వాల్వ్ ఎక్కడుందో కాగితంలో లేకపోతే, ప్లంబరు వచ్చేలోగా ఇల్లు తడుస్తుంది.

చివరి వరుసలో నంబర్లు: కరెంటుకు 1912, గ్యాస్ లీకైతే 1906, అంబులెన్సుకు 108, మిగతా ఆపదలకు 112. ఈ కాగితాన్ని ఫ్రిజ్ మీద కాదు, మెయిన్ స్విచ్ పక్కన అంటించండి.