వార్తల్లో పదం: ఫోర్టిఫైడ్ బియ్యం

రేషన్ బియ్యం కడిగేటప్పుడు పైకి తేలే గింజలు ప్లాస్టిక్ కావు, పారేయకండి. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలుగా ఒత్తి, మామూలు బియ్యంలో నూటికి ఒకటి చొప్పున కలుపుతారు. అదనంగా చేర్చిన పోషకాలన్నీ వాటిలోనే ఉంటాయి.

కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఐరన్ ఉండాలన్నది ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రమాణం. రోజుకు 150 గ్రాముల బియ్యం వండుకు తినే మహిళకు అందులో అందేది 4 నుంచి 6 మిల్లీగ్రాములు. ఆమెకు కావలసింది 29. ఉచితంగా వచ్చే రేషన్‌లో ఐదో వంతు దాకా అందడం కూడా నిజమైన లాభమే. దుకాణంలో ఇదే పేరు చెప్పి కిలోకు పది రూపాయలు ఎక్కువ అడిగితే మాత్రం ఇవ్వక్కర్లేదు, ఎందుకంటే కలపడానికి అయ్యే ఖర్చు దాదాపు రూపాయే. గంజి వారిస్తే విటమిన్లు కొంత పోతాయి, తినగానే టీ తాగితే ఐరన్ సరిగా ఒంటబట్టదు. తలసేమియా ఉన్నవారు డాక్టర్ని అడగడం మంచిది.