మోత కన్నా కొలత: మెటల్ పాటలో రిథమ్ గిటార్

మెటల్ పాటలో రిథమ్ గిటార్ చేసే పని డ్రమ్స్ పనికి చాలా దగ్గరగా ఉంటుంది. బాస్ డ్రమ్ దెబ్బతో తన దెబ్బ కలిపి, ఆ వెంటనే పక్కకు తప్పుకోవాలి. తప్పుకోవడం ఆలస్యమైతే తరువాతి దెబ్బకు చోటు ఉండదు. మెటాలికా బృందం 1986లో విడుదల చేసిన ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ ఆల్బమ్‌లోని టైటిల్ పాటను చూస్తే ఈ చోటు ఎంత ఇరుకో తెలుస్తుంది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లోని స్వీట్ సైలెన్స్ స్టూడియోలో, ఫ్లెమింగ్ రాస్ముసెన్ పర్యవేక్షణలో రికార్డయిన ఆ పాట వేగం నిమిషానికి సుమారు 212 బీట్లు. ప్రధాన భాగంలో బీటుకు రెండు దెబ్బలు పడతాయి కనుక ఒక్కో దెబ్బకు దక్కేది 141 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఏడో వంతు. ఆ వ్యవధిలోనే తీగ మోగాలి, ఆగాలి, చెయ్యి మళ్లీ పైకి రావాలి.

చెయ్యి పైకి రావాలనడానికి కారణం ఉంది. ఆ దెబ్బలను జేమ్స్ హెట్‌ఫీల్డ్ పిక్‌తో పై నుంచి కిందికే కొడతాడు. ఒకసారి కిందికి, ఒకసారి పైకి కొడితే శ్రమ సగమవుతుంది. కానీ పైకి కొట్టినప్పుడు పిక్ తీగకు తగిలే కోణం మారుతుంది, బలం కొంత తగ్గుతుంది. దాంతో వరుస దెబ్బల్లో ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా వినిపిస్తుంది. అన్నీ కిందికే కొట్టినప్పుడు ప్రతి దెబ్బకూ ఒకే అంచు వస్తుంది. మణికట్టు నొప్పి దానికి చెల్లించే మూల్యం.

తీగ ఆగేలా చూసేది పామ్ మ్యూటింగ్. పిక్ పట్టుకున్న చేతి అరచేయి అంచును, అంటే చిటికెన వేలు కింది భాగాన్ని, బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనించి కొట్టడమే ఈ పద్ధతి. మృదంగం మీద చెయ్యి తీయకుండా కొట్టే మూత దెబ్బకూ, వెంటనే తీసే తెరిచిన దెబ్బకూ ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే తేడా. అరచేయి తీగలోని పై స్వరాంశాలను త్వరగా చంపేస్తుంది. మొదటి టక్కు, దాని వెనుక పొట్టి గుమ్మనే మోత మాత్రం మిగులుతాయి. చెయ్యి ఎక్కడ ఆనాలన్నది మిల్లీమీటర్ల వ్యవహారం. సరిగ్గా బ్రిడ్జి మీదే ఉంటే తీగ దాదాపు స్వేచ్ఛగా మోగుతుంది. పికప్ వైపు ఒక సెంటీమీటరు జరిగితే శ్రుతి కూడా తెలియని పొడి చప్పుడవుతుంది. గట్టిగా నొక్కితే తీగ బిగుసుకుని శ్రుతి కాస్త పైకి పోతుంది. ఈ లోపం ఒక్క గిటార్ విన్నప్పుడు పెద్దగా పట్టుబడదు. కుడి, ఎడమ ట్రాకులు కలిసినప్పుడు మాత్రం అపస్వరంగా బయటపడుతుంది.

కుడి చెయ్యి ఒక్కటే సరిపోదు. మోగకూడని తీగలను ఎడమచేతి వేళ్లు తేలిగ్గా తాకి ఆపాలి. తలభాగంలో నట్‌కూ కీలకూ మధ్యనున్న తీగ ముక్కలు కూడా దెబ్బ ఆగగానే సన్నగా ఖంగుమంటాయి. అందుకే చాలా స్టూడియోల్లో నట్ దగ్గర ఒక గుడ్డ పట్టీనో, జడకు పెట్టే రబ్బరు బ్యాండునో చుడతారు. ట్రెమొలో ఉన్న గిటార్ అయితే వెనుక అరలోని స్ప్రింగుల మధ్య స్పాంజి ముక్క పెడతారు. చూడ్డానికి ఇవి చిల్లర పనులే. అయితే ఆ తరువాత వాడే ఏ ఖరీదైన పరికరమూ వీటి బదులు పనిచేయదు.

ఇంత చిన్న చప్పుళ్లు కూడా ఎందుకు ఇబ్బంది పెడతాయన్నది అర్థం కావాలంటే డిస్టార్షన్ చేసే పని తెలియాలి. మెటల్ యాంప్‌లో గెయిన్ పెంచినప్పుడు పికప్ నుంచి వచ్చే సంకేతం వేల రెట్లు పెరుగుతుంది. అయితే యాంప్ దాటించగలిగే ఎత్తుకు ఒక హద్దు ఉంది. ఆ హద్దుకు తగిలిన అలల శిఖరాలు చదునుగా తెగిపోతాయి. పెద్ద శబ్దం అక్కడితో ఆగుతుంది, చిన్న శబ్దం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఉదాహరణకు, గిటార్ నుంచి నేరుగా వచ్చే శుభ్రమైన సంకేతంలో దెబ్బ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర, కరెంటు లైన్ల హమ్ మైనస్ 60 దగ్గర ఉన్నాయనుకుందాం. మధ్య తేడా 48 డెసిబెల్స్. యాంప్ చిన్న శబ్దాలను 40 డెసిబెల్స్ పెంచితే హమ్ మైనస్ 20కి చేరుతుంది. దెబ్బ మాత్రం హద్దుకు తగిలి మైనస్ 5 దగ్గరే ఆగిందనుకుంటే తేడా 15 డెసిబెల్స్‌కు కుంచించుకుపోయింది. అందుకే దెబ్బల మధ్య ఖాళీల్లో హమ్, బుస, వేలు జారిన చప్పుడు అన్నీ పాటలో భాగంలా వినిపిస్తాయి. భారతదేశంలో ఈ హమ్ 50 హెర్ట్జ్ దగ్గర, దాని గుణకాల దగ్గర పలుకుతుంది; అమెరికాలో 60 దగ్గర. రెండు చుట్లు వ్యతిరేకంగా కలిపిన హంబకర్ పికప్ ఇందులో చాలావరకు తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయలేదు.

నాయిస్ గేట్ వచ్చేది ఇక్కడే. సంకేతం ఒక నిర్ణీత మట్టం కన్నా పైన ఉంటే దారి తెరుస్తుంది, కిందికి పడితే మూస్తుంది. ఆ మట్టం పేరు థ్రెషోల్డ్. గేట్ గురించి తరచూ కలిగే అపోహ ఏమిటంటే, అది శబ్దంలోంచి హమ్‌ను వేరుచేసి తీసేస్తుందని. అది అలాంటి పనేమీ చేయదు. గిటార్ మోగుతున్నంతసేపు హమ్ కూడా దానితోపాటే వస్తుంది, దాని మోత కింద దాగుతుంది. గేట్ శుభ్రం చేసేది ఖాళీలను మాత్రమే.

గేట్‌లో థ్రెషోల్డ్ తరువాత చూడాల్సింది తెరుచుకునే, ఆగే, మూసుకునే సమయాలు. తెరుచుకోవడం ఒక మిల్లీసెకనుకు అటూ ఇటూగా ఉండాలి. నెమ్మదిస్తే పిక్ తగిలిన టక్కు పోయి దెబ్బ మొద్దుబారుతుంది. సంకేతం థ్రెషోల్డ్ కిందికి పడ్డాక కాసేపు తెరిచే ఉంచే సమయాన్ని హోల్డ్ అంటారు. అది లేకపోతే థ్రెషోల్డ్ దగ్గర ఊగిసలాడే శబ్దానికి గేట్ తెరుచుకుంటూ మూసుకుంటూ టపటపలాడుతుంది. చివరిది రిలీజ్, అంటే పూర్తిగా మూసుకోవడానికి పట్టే సమయం. పైన చెప్పిన పాట వేగంలో ఒక్క దెబ్బంత ఖాళీ వచ్చిందనుకుందాం. ఉన్న వ్యవధి 141 మిల్లీసెకన్లు. హోల్డ్ 20, రిలీజ్ 50 పెడితే 70 మిల్లీసెకన్లలో గేట్ మూసుకుంటుంది, మిగతా సగం నిజమైన నిశ్శబ్దం. అదే రిలీజ్ 300 అయితే గేట్ మూసుకోవడం పూర్తికాకముందే తరువాతి దెబ్బ వచ్చేస్తుంది. గేట్ ఉన్నా లేనట్టే. అయితే 50 మిల్లీసెకన్ల రిలీజ్‌తోనే పాట చివరి సాగుతీగ వాయిస్తే, అది సహజంగా తగ్గుతూ ఉండగానే పుటుక్కున తెగిపోతుంది. అందుకే ఒకే అమరిక పాటంతటికీ పనికిరాదు. మూత దెబ్బల భాగాలకూ, సాగే భాగాలకూ వేర్వేరుగా మార్చుకోవాలి.

గేట్‌ను ఎక్కడ పెట్టాలన్నది ఇంకా ముఖ్యమైన ప్రశ్న. యాంప్ తరువాత పెడితే అది చూసే తేడా 15 డెసిబెల్సే. మెత్తని దెబ్బకూ హమ్‌కూ మధ్య గీత గీయడం కష్టం. యాంప్ ముందు పెడితే తేడా 48 ఉంటుంది కానీ యాంప్ స్వయంగా పుట్టించే బుసను ఆపలేదు. ఈ చిక్కుకు స్టూడియోలో ఉన్న మంచి పరిష్కారం, వినడానికి ఒక సంకేతం, మూయడానికి మరో సంకేతం వాడటం. గిటార్ శుభ్రమైన సంకేతాన్ని విడిగా రికార్డు చేసి, దానిని గేట్ మీటకు కలుపుతారు. గేట్ మాత్రం యాంప్ ట్రాక్ మీద కూర్చుంటుంది. తెరవాలా వద్దా అన్న నిర్ణయం శుభ్రమైన సంకేతం తీసుకుంటుంది; నోరు మూసుకునేది యాంప్. వేదిక మీద ఇదే పనిని నాలుగు కేబుళ్లతో కలిపే పెడళ్లు చేస్తాయి.

గెయిన్ ఎంత ఉండాలన్న విషయంలో కొత్తవారి చెవి తరచూ మోసపోతుంది. గదిలో ఒంటరిగా వాయించేటప్పుడు గెయిన్ ఎక్కువైన కొద్దీ గిటార్ బలంగా అనిపిస్తుంది. రికార్డింగ్‌లో అదే గెయిన్ దెబ్బ మొదటి అంచును కరిగించి, ప్రతిదాన్నీ ఒకే ఎత్తున నింపేస్తుంది. అప్పుడు మూత దెబ్బకూ తెరిచిన దెబ్బకూ తేడా పోతుంది. అందుకే చాలామంది నిర్మాతలు యాంప్ గెయిన్ తగ్గించి, దాని ముందు ట్యూబ్ స్క్రీమర్ వంటి పెడల్ పెడతారు. పెడల్‌లోని డ్రైవ్ దాదాపు సున్నాకు, లెవెల్ బాగా పైకి తిప్పుతారు. ఆ పెడల్ సుమారు 720 హెర్ట్జ్‌కు కిందివాటిని వెనక్కి నెడుతుంది కనుక, లావు తీగ గుమగుమ యాంప్‌ను ముంచెత్తే ముందే సన్నబడుతుంది. మామూలు శ్రుతిలో గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, శ్రుతి దించిన గిటార్లలో ఇంకా కింద. యాంప్‌లోకి ఆ అడుగుభాగం అంతా వెళితే వినిపించేది దెబ్బ కాదు, బురద. ఆ అడుగుభాగాన్ని బాస్ గిటార్‌కూ బాస్ డ్రమ్‌కూ వదిలేయడమే తెలివైన పని.

వెడల్పు కోసం ఒకే భాగాన్ని రెండుసార్లు వాయించి, ఒకటి పూర్తిగా ఎడమకు, ఒకటి పూర్తిగా కుడికి పెడతారు. ఒకసారి వాయించినదాన్ని కాపీ చేసి రెండు వైపులా పెడితే వెడల్పు రాదు, శబ్దం మధ్యలోనే నిలబడుతుంది. రెండు వాదనల మధ్య ఉండే సహజమైన చిన్న తేడాలే ఆ వెడల్పును పుట్టిస్తాయి. తేడా కొన్ని మిల్లీసెకన్లుంటే గిటార్ పెద్దదిగా అనిపిస్తుంది. 25, 30 దాటితే ఒక దెబ్బ రెండు దెబ్బలుగా చీలి వినిపించడం మొదలవుతుంది. దెబ్బ మొదలు కలిసిందా అని అందరూ చూస్తారు. ముగింపు కలిసిందా అని చూసేవారు తక్కువ. ఎడమ గిటార్ ఆగి, కుడి గిటార్ ఇంకో 60 మిల్లీసెకన్లు మోగితే ఖాళీ ఒక పక్కకు ఒరిగిపోతుంది. గేట్ దీన్ని సరిచేయలేదు. రెండు ట్రాకుల్లో తీగలు ఎప్పుడు తగ్గితే గేట్లు అప్పుడే మూసుకుంటాయి. చేతులు ఒకేసారి ఆగేవరకు మళ్లీ వాయించాలి, లేదా కంప్యూటర్ తెర మీద రెండు ట్రాకుల తోకలనూ ఒకే చోట కోసి, ఐదు మిల్లీసెకన్ల ఫేడ్ పెట్టాలి. ఫేడ్ లేకుండా కోస్తే చిటుక్కుమనే చప్పుడు మిగులుతుంది.

వాల్యూమ్ పెంచడం వీటిలో దేనికీ పరిష్కారం కాదు, ఎందుకంటే డిజిటల్ రికార్డింగ్‌కు పైకప్పు ఉంది. 2008లో మెటాలికా ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’ వచ్చినప్పుడు ఇది బయటపడింది. సీడీని అతిగా బిగించి మోత పెంచడంతో శబ్దం చిట్లుతోందని అభిమానులు గొడవ చేశారు. అవే పాటలు ‘గిటార్ హీరో’ వీడియో గేమ్ కోసం విడుదలైన రూపంలో అంత బిగింపు లేకుండా ఉన్నాయి. రెండింటినీ ఒకే మట్టానికి సర్దుకుని పోల్చినవారికి గేమ్ రూపంలో డ్రమ్ దెబ్బలు ఎక్కువ ఊపుతో వినిపించాయి. పైకప్పుకు అంటుకుపోయిన పాటలో దెబ్బ లేవడానికి ఎత్తు మిగలదు. మిక్స్ తయారుచేసేవారు ఈ పోలికను తమ పాట మీదా చేస్తారు. గిటార్ ట్రాకులను మూడు డెసిబెల్స్ తగ్గించి వింటారు. అప్పుడు పాట బలం నిలిస్తే వాదన, గేట్, గెయిన్ సరిగా ఉన్నట్టు. బలం పోతే మళ్లీ వెళ్లి చూసేది వాల్యూమ్ మీటను కాదు, దెబ్బల తోకలను.