బేస్, ట్రెబుల్ నాబ్‌ల వెనుక లెక్క

ఆంప్లిఫయర్లలో బేస్, ట్రెబుల్ నాబ్‌ల వెనుక ఎక్కువగా ఉండేది బాక్సాండల్ సర్క్యూట్. బ్రిటిష్ ఇంజనీరు పీటర్ బాక్సాండల్ దీన్ని 1952లో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ప్రకటించాడు. అప్పుడు వాల్వు చేసిన పనిని ఇప్పుడు ఆప్-యాంప్ చేస్తోంది.

ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య పొటెన్షియోమీటర్ ఉంటుంది. దాని మధ్యకాలు, అంటే వైపర్, ఆప్-యాంప్ మైనస్ ఇన్‌పుట్‌కు చేరుతుంది. వైపర్‌కు అవుట్‌పుట్ వైపున్న నిరోధాన్ని ఇన్‌పుట్ వైపున్న నిరోధంతో భాగిస్తే వచ్చేదే గెయిన్. బేస్ విభాగంలో 100 కిలో ఓమ్‌ల పాట్, దాని రెండు చివర్లా 11 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు ఉన్నాయనుకుందాం. నాబ్ మధ్యలో ఉంటే రెండు వైపులా 61 కిలో ఓమ్‌లే కనుక గెయిన్ 1, శబ్దం మారదు. నాబ్‌ను పూర్తిగా పెంపు వైపు తిప్పితే 111ను 11తో భాగించాలి. అంటే సుమారు పది రెట్లు, 20 డెసిబెల్‌ల పెంపు. రెండో కొసన అంతే తగ్గింపు. చివరి రెసిస్టర్లను 33 కిలో ఓమ్‌లకు మారిస్తే ఈ పరిధి రెండు వైపులా 12 డెసిబెల్‌లకు కుదించుకుపోతుంది.

ఈ మార్పును బేస్‌కే పరిమితం చేసేవి కెపాసిటర్లు. వైపర్‌కు రెండు పక్కలా 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్లు పెడితే, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ అవి పాట్‌ను పక్కకు నెట్టేసి సిగ్నల్‌కు దారి ఇస్తాయి. 11 కిలో ఓమ్‌ల సర్క్యూట్‌లో పూర్తి పెంపు 34 హెర్ట్జ్ కంటే బాగా దిగువనే దొరుకుతుంది. 100 హెర్ట్జ్ దగ్గర అది సుమారు 10 డెసిబెల్‌లు, 340 దగ్గర 3 మాత్రమే. ట్రెబుల్ విభాగంలో కెపాసిటర్ వరుసగా ఉండి తక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపుతుంది. అందుకే ఆ నాబ్ తిప్పినా బేస్ కదలదు.

ఈ సర్క్యూట్‌కు లీనియర్ పాట్ తప్పనిసరి. వాల్యూమ్‌కు వాడే లాగ్ పాట్ పెడితే నాబ్ మధ్యలో ఉన్నా రెండు వైపులా నిరోధం సమానం కాదు; బేస్ ముందే పెరిగో తగ్గో వినిపిస్తుంది. ముందున్న దశ అవుట్‌పుట్ నిరోధం 10 కిలో ఓమ్‌లైతే, అది 11కు తోడై, పూర్తి పెంపు 20 నుంచి 14.5 డెసిబెల్‌లకు పడిపోతుంది. మధ్యలో ఒక బఫర్ దశ పెడితే ఈ నష్టం ఉండదు.

మరో హద్దు విద్యుత్ సరఫరాది. ఒక వోల్టు సంగీత సిగ్నల్‌ను పది రెట్లు పెంచితే దాని శిఖరం 14 వోల్టులు. ±12 వోల్టుల సరఫరాపై నడిచే ఆప్-యాంప్ అంత ఇవ్వలేదు. తరంగపు కొనలు తెగి, బేస్ బలంగా ఉన్నచోట పాట గరగరలాడుతుంది. బేస్ నాబ్ వెనక్కి తిప్పగానే ఆ గరగర పోతే కారణం ఇదే కావచ్చు. అప్పుడు వాల్యూమ్‌ను ఈ సర్క్యూట్‌కు ముందే తగ్గించాలి, లేదా 33 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో పరిధిని 12 డెసిబెల్‌లకు కుదించాలి.