చుక్కల్లోంచి పుట్టిన గది

ఈ ఎపిసోడ్‌లో చెప్పిన ఫోటో గుర్తుంది కదా? ఊళ్లో ఏజెంటు మా తమ్ముడికి "ఇదే కంపెనీ రూమ్" అని పంపింది. అలాంటి బొమ్మను కంప్యూటర్ ఎలా చేస్తుందో రాస్తున్నా.

పాత టీవీలో సిగ్నల్ పోతే చుక్కలు కనిపించేవి కదా, మొదలు అదే. అసలు ఫోటోల మీద అలాంటి చుక్కలు చల్లి, ఏది చుక్కో ఏది ఫోటోనో పసిగట్టడం ఈ డిఫ్యూజన్ మోడల్‌కి ముందే నేర్పుతారు. తర్వాత ఉత్త చుక్కలే ఇచ్చి "నాలుగు మంచాలు, ఏసీ ఉన్న గది" అని రాస్తే, చుక్కలేవో అంచనా వేసి కొంచెం తీసేస్తుంది. మిగిలినదాన్ని మళ్లీ చూస్తుంది. ఇలా 20 నుంచి 50 సార్లు. ప్రతిసారీ మన మాటలతో ఒక అంచనా, మాటలు లేకుండా ఒక అంచనా వేసి, మాటల వైపే మొగ్గుతుంది. ముందు గోడలు, మంచాలు తేలతాయి. దుప్పటి మడతలు చివర్లో.

వేరే చుక్కలతో మొదలుపెడితే గది కూడా వేరేదే వస్తుంది. అందుకే అదే గదిని ఇంకో మూల నుంచి తీసి పంపమని అడగమన్నాను. పంపాడు. కిటికీ గోడ మారింది, మంచాలు మూడయ్యాయి. తమ్ముడు డబ్బు కట్టలేదు.